డ్రమ్ములో గడ్డకట్టిన యాపిల్ రసం

(బెవరేజ్ టెక్నాలజీ పేపర్‌కు సిద్ధమవుతున్న విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

కూర్చోండి, కూర్చోండి. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లు కాగితాలు గట్టిగా పట్టుకోండి. ఈరోజు లెక్కలున్నాయి, కాగితం ఎగిరిపోతే మళ్లీ చెప్పను.

ముందు ఒక సంగతి చెప్తాను. పాఠాలు చెప్పడానికి రాకముందు నేను హిమాచల్‌లో ఒక యాపిల్ కాన్సంట్రేట్ ప్లాంట్‌లో పనిచేశాను. పేరు అనవసరం. క్వాలిటీ ల్యాబ్, నైట్ షిఫ్ట్. లారీలు గేటు బయట వరసలో నిలబడి ఉంటాయి, కాయ కుళ్లిపోతూ ఉంటుంది, మేనేజర్ గంటకోసారి వచ్చి "అయిందా, అయిందా" అంటాడు. అలాంటి ఒక రాత్రి నేను ఒక ట్యాంకు పాస్ చేశాను. రసం ఫిల్టర్ అయింది, ఎవాపరేటర్‌కి వెళ్లింది, 70 బ్రిక్స్‌కి చిక్కబడింది, డ్రమ్ముల్లోకి దిగింది. మర్నాడు పొద్దున శాంపిల్ తీద్దామని ఒక డ్రమ్ము మూత తీశాం. పైపు దించితే రసం పైకి రావడం లేదు. గరిటె గుచ్చాను. గరిటె నిలబడింది.

నిలబడిందండీ! పడలేదు. మా అమ్మ చేసే జామకాయ జెల్లీలో చెంచా ఎలా నిలబడుతుందో అలా.

ఇప్పుడు మీరు చెప్పండి, ఏమైంది? ఎవరైనా? ... ఆ, పెక్టిన్. ఆ అబ్బాయి పెక్టిన్ అంటున్నాడు. కరెక్టే, కానీ సగమే కరెక్ట్. పెక్టిన్ పొద్దున కూడా ఉంది, రాత్రి కూడా ఉంది. ట్యాంకులో ఉన్నప్పుడు గడ్డ కట్టలేదు, డ్రమ్ములోకి వెళ్లాక ఎందుకు కట్టింది?

జామ్ పాఠం గుర్తు తెచ్చుకోండి. పోయిన సెమిస్టర్‌లో చదివారు. జామ్ కుదరాలంటే ఏమేం కావాలి? పెక్టిన్ కావాలి. చక్కెర 65 బ్రిక్స్ దగ్గర ఉండాలి. పీహెచ్ 3 పైన కొంచెం, 3.3 లోపు అయితే బాగా కుదురుతుంది. మరి నా డ్రమ్ములో ఏముంది? 70 బ్రిక్స్ ఉంది. యాపిల్ పులుపు ఉంది, అదీ చిక్కబడి ఉంది. మిగిలింది పెక్టిన్ ఒక్కటే. అది కూడా నేను మిగిల్చి పెట్టాను. మూడూ కలిశాయి. నేను కాన్సంట్రేట్ చేశాననుకున్నాను, నిజానికి జామ్ చేశాను.

అందుకే మొదటే చెప్తున్నాను. మీ సిలబస్‌లో ఎంజైమ్ క్లారిఫికేషన్ ఒక యూనిట్, బ్రిక్స్ యాసిడ్ రేషియో ఒక యూనిట్, కాన్సంట్రేషన్ ఇంకో యూనిట్. మూడూ వేరు వేరు నోట్సుల్లో రాసుకుంటారు. కానీ ఫ్యాక్టరీలో అవి ఒకే పైపు. ఈ ట్యాంకులో చేసిన తప్పు ఆ డ్రమ్ములో బయటపడుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు. మిమ్మల్ని పట్టుకునేది సరిగ్గా ఆ కీలు దగ్గరే.

ఇప్పుడు ఎంజైమ్ దగ్గరికి వెళ్దాం. యాపిల్ నలిపి పిండితే వచ్చే రసం ఎలా ఉంటుంది? మడ్డిగా, గోధుమరంగులో, కొంచెం జిగటగా ఉంటుంది. గ్లాసులో పోసి రాత్రంతా పక్కన పెట్టండి. తేరుకుంటుందా? తేరుకోదు. ఏదో కాస్త కిందికి దిగుతుంది, పైన మాత్రం మబ్బు మబ్బుగానే ఉంటుంది. ఎందుకు?

ఊళ్లో చెరువునీళ్లు ఎలా తేర్చేవాళ్లు? కుండలో చిల్లగింజ అరగదీసేవాళ్లు. పట్నంలో పటిక వేస్తారు. మట్టి రేణువుల మీద నెగెటివ్ ఛార్జ్ ఉంటుంది. అన్నీ నెగెటివే కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటికలోని అల్యూమినియం పాజిటివ్. అది వెళ్లి ఆ ఛార్జ్‌ని చంపేస్తే రేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి కిందికి దిగుతాయి. ఇది మీకు తెలుసు.

యాపిల్ రసంలో కథ దాదాపు ఇదే, కానీ ఒక మెలిక ఉంది. ఆ మబ్బు రేణువు లోపల ప్రోటీన్ ఉంటుంది. రసం పీహెచ్ 3.5 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి ఆ పులుపులో ప్రోటీన్ మీద పాజిటివ్ ఛార్జ్ ఉంటుంది. దాని చుట్టూ పెక్టిన్ దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఆ పెక్టిన్ నెగెటివ్. బయటికి కనిపించేది దుప్పటే కదా. అన్ని రేణువులూ నెగెటివ్ దుప్పటి కప్పుకుని తోసుకుంటూ తిరుగుతుంటాయి. పైగా నీళ్లలో కరిగి ఉన్న పెక్టిన్ రసాన్ని జిగటగా ఉంచుతుంది కాబట్టి కిందికి దిగడం కూడా కష్టం.

పెక్టినేజ్ అనే ఎంజైమ్ వేస్తే ఏం చేస్తుంది? అది పటికలాగా ఛార్జ్ తెచ్చి పోయదు. దుప్పటి చింపుతుంది. అక్కడక్కడ చిరుగు పడుతుంది, లోపలి పాజిటివ్ ప్రోటీన్ బయటపడుతుంది. పక్క రేణువు మీద ఇంకా నెగెటివ్ దుప్పటి ఉంది. ఇక్కడ పాజిటివ్, అక్కడ నెగెటివ్. పోయి అతుక్కుంటాయి. అలా గుంపులు గుంపులుగా కలిసి, విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా కనిపించి, దిగుతాయి. పరీక్షలో "ఎలక్ట్రోస్టాటిక్ ఫ్లాక్యులేషన్" అని రాయమంటే రాయాల్సింది ఇదే. పెక్టిన్ మొత్తం మాయమయ్యాక తేటపడుతుందని రాయకండి. రేణువులు కలవడానికి దుప్పటి చిరిగితే చాలు.

కానీ ఆగండి. తేటపడటానికి చిరిగితే చాలు. చిక్కబరచడానికి చాలదు! రసం కంటికి తేటగా కనిపిస్తూ, అందులో కరిగిన పెక్టిన్ ఇంకా మిగిలి ఉండొచ్చు. నేను చేసిన తప్పు అక్కడే. కంటికి తేటగా ఉంది కదా అనుకున్నాను.

పెక్టినేజ్ వేసి తేర్చవచ్చని మొట్టమొదట 1930లో అమెరికాలో జెనీవా అనే ఊళ్లోని వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో కెర్టెజ్ అనే ఆయన యాపిల్ రసం మీద చూపించాడు. అదే కాలంలో జర్మనీలో మేలిట్జ్ కూడా. ఇవి ఒక మార్కు ప్రశ్నకి పనికొస్తాయి, అంతకంటే లేదు.

ఎంజైములు మూడు గుర్తుపెట్టుకోండి. మూడే. పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్, పాలీగాలక్టురొనేజ్, పెక్టిన్ లయేజ్. గొలుసు ఊహించుకోండి. గొలుసులో ప్రతి లింకు గాలక్టురోనిక్ యాసిడ్. చాలా లింకుల మీద మిథైల్ అనే టోపీ ఉంటుంది. ఎస్టరేజ్ టోపీ తీస్తుంది. గొలుసు తెంపదు. మళ్లీ చెప్తున్నాను, గొలుసు తెంపదు. టోపీ తీస్తే కాస్త మిథనాల్ బయటికొస్తుంది, అంతే. పాలీగాలక్టురొనేజ్ గొలుసు తెంపుతుంది, కానీ దానికి టోపీ లేని చోటే కావాలి. లయేజ్ టోపీ ఉన్నచోటనే తెంపుతుంది. యాపిల్ పెక్టిన్‌కి టోపీలు ఎక్కువ కాబట్టి లయేజ్ ఒక్కటే కూడా బాగా పనిచేస్తుంది. లేదంటే మొదటి రెండూ జంటగా వెళ్లాలి. ఒకరు టోపీ తీస్తే, ఇంకొకరు తెంపుతారు. బజారులో దొరికే పెక్టినేజ్ ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే బూజు నుంచి తీసిన మిశ్రమం. అందులో ఈ మూడూ ఎంతో కొంత ఉంటాయి.

ఎంత వేడిలో వెయ్యాలి? 50 డిగ్రీల దగ్గర, గంట నుంచి రెండు గంటలు. 50 ఎందుకు? ఎంజైమ్‌కి బాగుంటుందని రాస్తారు. నిజమే. కానీ ఇంకో కారణం ఉంది, అది ఎవరూ రాయరు. 30 డిగ్రీల దగ్గర ట్యాంకుని గంటల తరబడి ఉంచితే ఏమవుతుంది? ఈస్ట్ పండగ చేసుకుంటుంది. పొద్దునకి రసం పులిసి వాసన కొడుతుంది. 50 దగ్గర ఈస్ట్ పెరగదు, ఎంజైమ్ పరిగెడుతుంది. మరి 65కి పోతే ఇంకా వేగంగా అవుతుంది కదా? అవ్వదమ్మా. అక్కడ ఎంజైమ్ చచ్చిపోతుంది. పాశ్చరైజర్ నుంచి వచ్చిన రసాన్ని చల్లార్చకుండా మందు పోసేస్తే మూడు గంటలైనా రసం జిగట తగ్గదు. అప్పుడు ఎంజైమ్ కంపెనీని తిట్టుకుంటారు.

అయిందని ఎలా తెలుస్తుంది? ఆల్కహాల్ టెస్ట్. ఒక వంతు రసం, రెండు వంతులు ఆమ్లం కలిపిన ఆల్కహాల్. టెస్ట్ ట్యూబ్‌ని మెల్లగా ఒకటి రెండుసార్లు తిప్పండి, గబగబా ఊపకండి. స్టాండ్‌లో పెట్టండి. 15 నిమిషాలు. పెక్టిన్ ఉంటే జెల్లీ తునకలు, దూదిపింజల్లాగా పైకి తేలతాయి. లేకపోతే తేటగా ఉంటుంది.

15 నిమిషాలు! ఆ రాత్రి నేను రెండు నిమిషాలు చూశాను. మేనేజర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ట్యూబ్ తేటగా ఉంది. "ఓకే" అని రాసి సంతకం పెట్టాను. తర్వాత టీ తాగి వచ్చి ట్యూబులు కడగబోతే, అదే ట్యూబులో పైన దూదిపింజ. అప్పటికి రసం ఫిల్టర్ దాటిపోయింది. పంప్ ఆపించమని చెప్పే ధైర్యం ఆ వయసులో లేదు, ఏం చేస్తాం.

ఒక పక్క మాట. సీజన్ మొదట్లో వచ్చే పచ్చి యాపిల్‌లో పిండి, అంటే స్టార్చ్ ఉంటుంది. దాన్ని ఆల్కహాల్ టెస్ట్‌తో నిర్ధారించుకోలేరు. అయోడిన్ చుక్క వేసి చూడాలి. నీలం వస్తే పిండి ఉన్నట్టు. అది వదిలేస్తే సీసాలోకి వెళ్లాక, వారం తర్వాత మబ్బు వస్తుంది. దానికి అమైలేజ్ వెయ్యాలి. కానీ ముందు రసాన్ని మరిగే దగ్గరికి వేడిచేసి పిండిని ఉడికించి, మళ్లీ 50కి చల్లార్చి, అప్పుడు వెయ్యాలి. పచ్చి పిండిని ఎంజైమ్ సరిగా కొరకలేదు. ఉడికిన అన్నం అరిగినట్టు పచ్చి బియ్యం అరుగుతాయా?

ఇప్పుడు ప్రశ్నలు తయారుచేసేవాళ్లకి ఎంతో ఇష్టమైన చోటికి వద్దాం. బత్తాయి.

యాపిల్‌లో మబ్బు పోవాలి. బత్తాయి, నారింజ రసంలో మబ్బు ఉండాలి. నల్గొండ బత్తాయి జ్యూస్ గ్లాసులో పైన నీళ్లలా తేట, కింద పసుపు మడ్డి కనిపిస్తే ఎవరైనా తాగుతారా? తాగరు. మరి ఆ మబ్బుని పోగొట్టేది ఎవరు? బయట నుంచి ఎవరూ రానక్కర్లేదు. కాయలోనే పెక్టిన్ మిథైల్ ఎస్టరేజ్ ఉంది. పిండగానే అది రసంలోకి దిగి టోపీలు తియ్యడం మొదలుపెడుతుంది. గొలుసు తెంపదని చెప్పాను కదా? తెంపదు. మరి మబ్బు ఎలా పోతుంది? టోపీ తీసిన చోట నెగెటివ్ ఛార్జ్ బయటపడుతుంది. రసంలో కాల్షియం ఉంది. కాల్షియానికి రెండు చేతులు. ఒక చేత్తో ఈ గొలుసుని, ఇంకో చేత్తో ఆ గొలుసుని పట్టుకుంటుంది. కాల్షియం పెక్టేట్ అయి, మబ్బుని వెంటేసుకుని కింద పడిపోతుంది.

చూశారా? యాపిల్‌లో పని చేసిపెట్టే కుటుంబంలోని మనిషే ఇక్కడ ఇల్లు కూలుస్తున్నాడు. అందుకే నారింజ రసాన్ని 90 డిగ్రీలకి పైన కొన్ని సెకన్లు వేడిచేస్తారు. "పాశ్చరైజేషన్ దేనికి?" అంటే అందరూ సూక్ష్మజీవులు అని రాస్తారు. ఆ పులుపు రసంలో పాడుచేసే ఈస్ట్‌నీ బూజునీ చంపడానికి అంత వేడి అక్కర్లేదు. ఈ ఎస్టరేజ్ వాటికంటే మొండిది. వేడి దానికోసం పెట్టారు. అది చస్తే మిగతావీ చచ్చినట్టే. ఈ ఒక్క వాక్యానికి రెండు మార్కులు, రాసుకోండి.

సరే, మంచినీళ్లు తాగండి. ఇప్పుడు పులుపు, తీపి లెక్క.

బత్తాయి రసంతోనే చేద్దాం. రిఫ్రాక్టోమీటర్ మీద రెండు చుక్కలు వేశాం, 10.2 చూపించింది. బ్రిక్స్ అంటే ఏమిటి? 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల చక్కెర అని. మి.లీ. కాదు, గ్రాములు. రసంలో చక్కెర ఒక్కటే ఉండదు, యాసిడ్ కూడా ఉంటుంది, ఇంకా ఏవేవో ఉంటాయి. యంత్రానికి అవన్నీ చక్కెరే అనిపిస్తాయి. మామూలు రసంలో పట్టించుకోనక్కర్లేదు. పుల్లటి కాన్సంట్రేట్‌లో మాత్రం ప్రతి ఒక శాతం సిట్రిక్ యాసిడ్‌కి దాదాపు 0.2 బ్రిక్స్ కలపాలి, ఎందుకంటే యాసిడ్ కాంతిని చక్కెరంతగా వంచదు.

తర్వాత టైట్రేషన్. 10 గ్రాముల రసం, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, ఫినాల్ఫ్తలీన్. లేత గులాబీ నిలబడేసరికి 9.4 మి.లీ. ఖర్చయింది. ఫార్ములా బోర్డు మీద రాస్తున్నాను:

ఆమ్లత % = (9.4 × 0.1 × 64 × 100) ÷ (10 × 1000) = 0.60

64 ఎక్కడ నుంచి వచ్చింది? సిట్రిక్ యాసిడ్ మాలిక్యులర్ వెయిట్ 192, మూడు హైడ్రోజన్లు ఇస్తుంది, 192ని 3తో భాగిస్తే 64. అదే యాపిల్ అయితే మాలిక్, 67. ద్రాక్ష అయితే టార్టారిక్, 75. ప్రశ్నలో పండు పేరు ఇచ్చి ఈక్వివలెంట్ వెయిట్ ఇవ్వరు. అదే ఉచ్చు. ఇంకో చిన్న ఉచ్చు, సీసా మీద సిట్రిక్ యాసిడ్ మోనోహైడ్రేట్ అని ఉంటే దాని ఈక్వివలెంట్ 70.

రేషియో ఎంత? 10.2 భాగించు 0.60, అంటే 17. బాగుంది, తాగడానికి హాయిగా ఉండే రసమే.

కానీ ఈ రేషియోని గుడ్డిగా నమ్మకండి. 8 బ్రిక్స్, 0.5 ఆమ్లత ఉంటే రేషియో 16. 12 బ్రిక్స్, 0.75 ఆమ్లత ఉన్నా 16. మొదటిది నీళ్లు కలిపిన పాలలాగా చప్పగా ఉంటుంది, రెండోది నిండుగా ఉంటుంది. రేషియోకి ఆ తేడా తెలియదు. బత్తాయి రసం కాసేపు పక్కన పెడితే చేదెక్కుతుంది చూడండి, ఆ చేదు కూడా రేషియోకి తెలియదు.

ఇప్పుడొక ప్రశ్న అడుగుతాను, చేతులెత్తండి. ఒక రసం 9 బ్రిక్స్, 0.75 ఆమ్లత. రేషియో 12. ఇంకో రసం 11 బ్రిక్స్, 0.50 ఆమ్లత. రేషియో 22. సమానమైన బరువుతో కలిపాను. రేషియో ఎంత?

17 అనేవాళ్లు? ... అమ్మో, ఇంతమందా. కాదు. రేషియోలని సగటు తీయకూడదు. బ్రిక్స్‌ని విడిగా సగటు తీయండి, 10. ఆమ్లతని విడిగా, 0.625. ఇప్పుడు భాగించండి, 16. పుల్లటి రసానికి ఆమ్లత ఎక్కువ కాబట్టి అది తన వైపుకి లాగుతుంది. ఇంట్లో పులుసులో చింతపండు ఎక్కువైతే బెల్లం ఎంత వేసినా అంత తొందరగా దారికి రాదు చూడండి, అలాగే.

ఇంకొకటి. యాపిల్ రసం 12 బ్రిక్స్, ఆమ్లత 0.4, రేషియో 30. దీన్ని 70 బ్రిక్స్‌కి చిక్కబరిచాం. ఇప్పుడు రేషియో పెరిగిందా, తగ్గిందా? ... పెరిగింది అంటున్నారు. ఎందుకు? తీపి పెరిగింది కాబట్టి. మరి పులుపు ఎక్కడికి పోయింది? లెక్క కట్టి చూద్దాం.

1000 కిలోల రసం. అందులో కరిగిన ఘనపదార్థం 120 కిలోలు. నీళ్లు మాత్రమే ఎగిరిపోతాయి, ఆ 120 కిలోలు ఎక్కడికీ పోవు. చివర్లో 120 కిలోలు 70 శాతం అవ్వాలి. 120ని 0.70తో భాగిస్తే 171.4 కిలోల కాన్సంట్రేట్. ఎగిరిన నీళ్లు 828.6 కిలోలు. ఇప్పుడు యాసిడ్. 1000 కిలోల్లో 0.4 శాతం, అంటే 4 కిలోలు. మాలిక్ యాసిడ్ ఎగిరిపోదు. 4 కిలోలు ఇప్పుడు 171.4 కిలోల్లో ఉన్నాయి, 2.33 శాతం. 70ని 2.33తో భాగించండి. 30.

మారలేదు! చిక్కబరిచినా మారదు, నీళ్లు పోసి పలుచన చేసినా మారదు. కాన్సంట్రేట్‌ని తిరిగి 11.5 బ్రిక్స్‌కి తెచ్చినా, అది కోడెక్స్ యాపిల్ రసానికి పెట్టిన కనీస బ్రిక్స్, అప్పుడూ 30 దగ్గరే ఉండాలి. సప్లయర్ ఇచ్చిన కాగితం మీద రేషియో 30 ఉండి, మీరు నీళ్లు కలిపి కొలిస్తే 45 వచ్చిందంటే? ఎవరో చక్కెర పాకం కలిపారేమోనని అనుమానించాలి. ఈ లెక్క కల్తీని పసిగట్టడానికి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు నారింజ కాన్సంట్రేట్ లెక్క. ఇది పాత లెక్క, కానీ ఏదో ఒక రూపంలో ప్రశ్నపత్రంలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దీని వెనక కథ తెలిస్తే ఫార్ములా బట్టీ పట్టక్కర్లేదు.

1940ల్లో ఫ్లోరిడాలో సమస్య ఏమిటంటే, నారింజ రసం మరిగిస్తే నీళ్లకంటే ముందు వాసన ఎగిరిపోతుంది. వాక్యూమ్ పెట్టి తక్కువ వేడిలో మరిగించినా పోతుంది. ఆవిరితో పాటే పోతుంది కదా. నీళ్లు పోసి కలిపితే తియ్యగా, పుల్లగా ఉంటుంది, నారింజలా మాత్రం ఉండదు. మెక్‌డోవెల్, మూర్, ఆట్కిన్స్ అని ముగ్గురు ఒక ఉపాయం పట్టారు. కావాల్సిన దానికంటే ఎక్కువ చిక్కబరచు. తర్వాత అందులో కొంచెం తాజా రసం పోసి, కావాల్సిన చోటికి దించు. ఆ కొంచెం తాజా రసం వాసన తెచ్చిపెడుతుంది. 1948లో పేటెంట్ వచ్చింది. దీన్నే కట్‌బ్యాక్ అంటారు. మా నాయనమ్మ మజ్జిగపులుసు దించాక పైన పచ్చి కొత్తిమీర చల్లేది, ఉడికిన కొత్తిమీరకి వాసన ఉండదని. అదే తెలివి.

లెక్క: 1000 కిలోల రసం, 12 బ్రిక్స్. చివరికి 42 కావాలి. ఎవాపరేటర్ 58కి చిక్కబరుస్తుంది. ఎంత రసం ఎవాపరేటర్‌లోకి, ఎంత పక్క పైపులోకి?

మీరంతా ఎక్స్, వై పెట్టి రెండు సమీకరణాలు రాసి ఐదు నిమిషాలు తీసుకుంటారు. నీళ్ల వైపు నుంచి చూడండి. మొదట మొత్తం చుట్టూ ఒక గీత గీయండి. లోపలికి 120 కిలోల ఘనపదార్థం, బయటికి 42 శాతం. 120 భాగించు 0.42, అంటే 285.7 కిలోల సరుకు. అంటే ఎగరాల్సిన నీళ్లు 714.3 కిలోలు. ఈ నీళ్లన్నీ ఎక్కడ ఎగరాలి? ఎవాపరేటర్ ఒక్కచోటే. పక్క పైపులో ఏమీ ఎగరదు.

ఎవాపరేటర్‌లోకి ఒక కిలో రసం వెళ్తే ఎంత నీరు ఎగురుతుంది? 12 నుంచి 58కి వెళ్లాలంటే 12 భాగించు 58, 0.207 కిలో మిగులుతుంది, 0.793 కిలో ఎగురుతుంది. 714.3ని 0.793తో భాగించండి. సుమారు 900.6 కిలోలు. ఎవాపరేటర్‌లోకి 900.6, పక్క పైపులోకి 99.4. అయిపోయింది.

సరిచూసుకోండి. ఎవాపరేటర్ నుంచి వచ్చేది 186.3 కిలోలు. దానికి 99.4 కలిపితే 285.7. సరిపోయింది. సరిచూసుకోకుండా పెన్ను కింద పెట్టకండి. కొందరు 285.7లోంచి నేరుగా భాగం తీస్తారు, కొందరు 1000లో సగటు తీస్తారు. మీకు వచ్చిన కట్‌బ్యాక్ సంఖ్య 300, 400 వచ్చిందంటే ఎక్కడో గీత తప్పు గీశారు.

ఇప్పుడు ఆలోచించండి, తాజా రసం పదో వంతు కూడా లేదు. వాసన కూడా పదో వంతే కదా తిరిగొచ్చేది? అవును. అందుకే ఇప్పటి ప్లాంట్లలో ఇంకో దారి పట్టారు. రసం మరగడం మొదలైనప్పుడు మొదట వచ్చే ఆవిరిని వేరుగా పట్టి, వాసనని విడదీసి, చల్లబరిచి దాచి, చివర్లో కలుపుతారు. యాపిల్‌లో అయితే ఇది మామూలు పద్ధతే.

ఇక మన మామిడి. చిత్తూరు తోతాపురి. అమ్మాయ్, నువ్వు తిరుపతి వైపు దానివి కదా, మామిడి పల్ప్ కాన్సంట్రేట్ ఎంత బ్రిక్స్‌కి అమ్ముతారు? ... 28. కరెక్ట్. యాపిల్ 70కి వెళ్తే మామిడి 28 దగ్గరే ఎందుకు ఆగింది? మామిడికి చాతకాకనా? గుజ్జు ఉంది, పెక్టిన్ ఉంది, పీచు ఉంది. మామిడి కొనేవాడికి ఆ గుజ్జే కావాలి, తేట అక్కర్లేదు. ఎంజైమ్ వేసి తేర్చేస్తే అది మామిడి రసం కాదు, పసుపు నీళ్లు. గుజ్జు ఉంచుకుంటే చిక్కదనం పెరిగి పెరిగి, వేడి గోడకి అంటుకుని మాడటం మొదలవుతుంది. అందుకే అక్కడ ఆగుతారు. నిల్వ కోసం బ్రిక్స్ మీద కాకుండా, వేడిచేసి అసెప్టిక్ సంచిలో నింపడం మీద ఆధారపడతారు. 70 బ్రిక్స్ యాపిల్ తన చక్కెరతోనే చాలావరకు కాపాడుకుంటుంది. 28 బ్రిక్స్ మామిడికి ఆ బలం లేదు.

కానీ 70 ఉన్నా నిశ్చింత కాదు. వేడి వేడిగా డ్రమ్ము నింపి మూత బిగిస్తే లోపల ఆవిరి మూతకి పట్టి చుక్కలుగా మళ్లీ పైన పడుతుంది. ఆ పైపొర పలుచబడుతుంది. అక్కడ చక్కెరని తట్టుకునే ఈస్ట్, జైగోశాకరోమైసిస్, నెమ్మదిగా గ్యాస్ చేస్తుంది. డ్రమ్ము మూత ఉబ్బుతుంది. అందుకే చల్లార్చి నింపాలి.

ఏదో అడుగుతున్నావ్, గట్టిగా అడుగు నాన్నా. ... ఆ గడ్డకట్టిన డ్రమ్ములు ఏం చేశారంటున్నాడు. మంచి ప్రశ్న, నేనే మర్చిపోయాను.

పారబొయ్యలేదు. వేడినీళ్లు పోసి, కలిపి కలిపి, 20 బ్రిక్స్ లోపుకి పలుచన చేశాం. చక్కెర తగ్గితే ఆ జెల్లీ పట్టు వదులుతుంది. 50 డిగ్రీలకి తెచ్చి మళ్లీ పెక్టినేజ్ వేశాం. రెండు గంటలు. ఆల్కహాల్ టెస్ట్, ఈసారి గడియారం ముందు పెట్టుకుని 15 నిమిషాలు. దూదిపింజ లేదు. మళ్లీ ఫిల్టర్, మళ్లీ ఎవాపరేటర్. రేషియో ఎంత వచ్చిందో ఇప్పుడు మీరే చెప్పగలరు, మొదట ఎంత ఉందో అంతే వచ్చింది. కానీ రెండుసార్లు మరిగింది కాబట్టి రంగు టీ డికాషన్‌లా ముదిరిపోయింది. ఎగుమతి గ్రేడ్‌కి కట్టాల్సిన సరుకు రంగు చాలక కింది గ్రేడ్‌లో పోయింది. ఆ రిజిస్టర్‌లో "ఓకే" అని నేను రాసిన పేజీ మేనేజర్ చించలేదు, చూపించి చూపించి సీజన్ అంతా నవ్వాడు.

టైమ్ అయింది. కట్‌బ్యాక్ లెక్కలో 58కి బదులు 65 పెట్టి ఇంటి దగ్గర చేసుకురండి. పక్క పైపులో రసం పెరుగుతుందో తగ్గుతుందో లెక్క కట్టకముందే ఊహించి రాయండి, తర్వాత కట్టండి.